ఆనకట్టకు పదకొండు మార్కులు

ప్రధానోపాధ్యాయులు నాగేంద్రబాబు గారికి జీవితంలో రెండు విషయాల మీద అచంచలమైన నమ్మకం ఉండేది. ఒకటి, ఆంగ్ల వ్యాకరణం. రెండు, ఆఫీసుగది బీరువాలో పాత దుప్పటి కప్పుకుని నిద్రించే ఆనకట్ట.

ఆ ఆనకట్టను ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో స్వహస్తాలతో నిర్మించారు. సిమెంటు, ఇనుప జల్లెడ, నీలిరంగు, పైన రేకు తొట్టి. తొట్టిలో నీళ్లు పోస్తే గేట్ల గుండా దూకి ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. చక్రం తిరిగితే దిగువ ఊళ్లోని అట్టముక్క ఇంట్లో బల్బు వెలుగుతుంది. ప్రతి సంవత్సరం సైన్సు ప్రదర్శన నాడు దుప్పటి తీయడం, ఎవరో ఒక కుర్రాడి చేత "జలశక్తి విద్యుచ్ఛక్తిగా మారును" అని చిలకపలుకులు పలికించడం, సాయంత్రానికి మళ్లీ దుప్పటి కప్పడం ఆ పాఠశాల ఆచారం. మండల స్థాయిలో అది చాలాసార్లు బహుమతి తెచ్చుకుంది. జిల్లా స్థాయికి మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. ఈ ఏడాది నుంచి బడిలో మొదట వచ్చిన నమూనాను నేరుగా జిల్లాకు పంపవచ్చు. జూన్ నెలాఖరుకు నాగేంద్రబాబు గారు పదవీ విరమణ చేయవలసి ఉంది. తనతోపాటు ఆనకట్ట కూడా గుంటూరు చూడకుండా రిటైరైపోవడం ఆయనకు బొత్తిగా ఇష్టం లేదు.

అటువంటి శుభ సమయంలో, రెండువేల మూడు జనవరి చివరి వారంలో, బీఎడ్ శిక్షణలో ఉన్న జెస్సీ అనే అమ్మాయి ఆయన గదిలోకి వచ్చి నమస్కారం పెట్టింది. పెదకాకాని అవతల ఒక పల్లె నుంచి సైకిలు మీద వచ్చి ఆ బడిలో పాఠాలు చెబుతోంది. కాలేజీ వాళ్లు ప్రాజెక్టు రిపోర్టు రాయమన్నారట. విషయం: పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన నిర్వహణ.

"ఊరికే రాయడం కాదండీ. నిజంగా నిర్వహించి రాయాలి. ఎవరెవరు ఏ పని చేశారు, ఏ వారం ఏం జరిగింది, పిల్లల్ని ఎట్లా అంచనా వేశాం, అన్నీ ఉండాలి. చివర్లో హెడ్మాస్టరు గారి సంతకం లేకపోతే రిపోర్టు తీసుకోరండి" అంది జెస్సీ.

నాగేంద్రబాబు గారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. ఇన్నేళ్లకు దేవుడు ఆయన దగ్గరకు చెప్పింది రాసిపెట్టే ఒక రాయసగత్తెను పంపించాడు.

"కాగితం తీసుకో అమ్మా. చెబుతాను, రాసుకో."

గంటన్నర సేపు చెప్పారు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు ప్రదర్శన. అక్కడి నుంచి వెనక్కు లెక్కపెట్టి నాలుగు వారాలు. మొదటి వారం ప్రకటన, ముగ్గురేసి పిల్లలతో జట్లు, ఒక్క పేజీలో ప్రతిపాదన. రెండో వారం ప్రతిపాదనల పరిశీలన, ప్రయోగాల ఆరంభం. మూడో వారం పని, మధ్యలో ఒక తనిఖీ. నాలుగో వారం చార్టులు, బల్లలు, ముందురోజు రిహార్సలు. ప్రదర్శన అయిన వారంలోపు పిల్లలకు వారి లోటుపాట్లు చెప్పడం, రిపోర్టు సమర్పించడం. పదో తరగతికి పబ్లిక్ పరీక్షలు గనుక వారికి మినహాయింపు. ఎనిమిది, తొమ్మిది తరగతులే పాల్గొంటాయి.

తరువాత బాధ్యతలు. సమన్వయకర్త జెస్సీ. బల్లలు, నీళ్లు, కరెంటు అటెండరు బుడాన్. న్యాయనిర్ణేతలు ఇద్దరు: జీవశాస్త్రం చెప్పే రహిమున్నీసా గారు, బయటి నుంచి జెస్సీ కాలేజీ లెక్చరరు ప్రకాష్ గారు. ప్రధాన సంచాలకులు ఎవరన్నది చెప్పకుండానే జెస్సీ రాసుకుంది. ఆ వినయానికి ఆయన లోలోపల ఆమెకు ఐదు మార్కులు వేశారు.

ఆఖరున మూల్యాంకనం. అక్కడ ఆయన కంఠం గంభీరమైంది.

"యాభై మార్కులు. శాస్త్రీయ సూత్రం, స్వయంకృషి, పనితీరు, వివరణ, దినచర్య పుస్తకం. ఒక్కొక్కదానికి పది. ఏ పనికి ఎన్ని మార్కులో ముందే రాసి పెట్టాలి. పిల్లలకు మొదటి రోజే చదివి వినిపించాలి. ఎవరి వివరణ మార్కులు వారివి. జట్టులో ప్రతి ఒక్కరినీ విడిగా ఒక ప్రశ్న అడగాలి. అదీ బట్టీ పెట్టినదాంట్లోంచి కాదు."

"చాలా బాగుందండీ."

"ఆగు, ఇంకా ఉంది. న్యాయనిర్ణేతలు విడివిడిగా మార్కులు వేయాలి. తేడా పది దాటితే ఇద్దరూ కూర్చుని కారణాలు చెప్పుకోవాలి. ఏ రోజు పని ఆ రోజు రాయని పుస్తకానికి సున్నా. ఉపాధ్యాయుడి చెయ్యి పడిన నమూనాకు స్వయంకృషి కింద సున్నా. రాశావా? సున్నా అని అక్షరాల్లో రాయి."

జెస్సీ కలం ఒక్క క్షణం ఆగింది. బీరువా వైపు చూసి, మళ్లీ ఆయన వైపు చూసి, "సున్నా, అక్షరాల్లో. అలాగేనండీ" అంది.

నిబంధనలు రాసేవాడు తాను వాటికి అవతల ఉంటాననుకోవడం మానవ సహజం. నాగేంద్రబాబు గారు ఈ విషయంలో మానవ మాత్రులే. ఆనకట్ట ఆయన దృష్టిలో నమూనా కాదు, పాఠశాల ఆస్తి. బెంచీకి, నల్లబల్లకు స్వయంకృషి మార్కులు ఎవరు అడుగుతారు?

వారం తిరిగేసరికి మొదటి చిక్కు వచ్చింది. పదిహేను జట్లు పాల్గొంటాయని ఆయన ప్రకాష్ గారికి ఆంగ్లంలో ఉత్తరం రాసి పంపేశారు. వచ్చినవి ఐదు. తొమ్మిదో తరగతిలో నలభై ఇద్దరికి పదిహేడు మంది బడిలో ఉన్నారు.

"మిగతా వాళ్లేరీ?" అన్నారు ఆయన, కొత్తగా ఈ దేశానికి వచ్చినవారిలా.

"మిరప కోతలండీ" అంది జెస్సీ. "నెలాఖరు దాకా రారు."

"అయితే వారు అనర్హులు. డెబ్బై ఐదు శాతం హాజరు లేనివారు పాల్గొనరాదని నోటీసులో వేశాను."

"సార్, ఆ లెక్కన ఆడపిల్లలు ఒక్కరూ మిగలరండీ. చదువుకునే రోజుల్లో ఈ నెలలో నేనూ బడికి వెళ్లినదాన్ని కాదు. మా అమ్మ ఎలీసమ్మ ఇవాళ కూడా కోతకే వెళ్లింది."

"నిబంధన నిబంధనే, అమ్మా."

జెస్సీ పుస్తకం తెరిచింది. "మూడో నిబంధన కూడా మీరే చెప్పారండీ. నమూనా పని బడిలో గాని, ఇంటి వద్ద గాని జరగవచ్చు అని. ఆ పిల్లల్లో చాలామందిది మా పల్లే. పొలం నుంచి వచ్చాక సాయంత్రం ఆరింటికి మా చర్చి అరుగు మీద ప్రతిపాదనలు తీసుకుంటాను. పుస్తకం ఏ రోజుకు ఆ రోజు నేనే చూసి సంతకం పెడతాను. పదిహేను జట్లు అవుతాయి. మీ ఉత్తరం నిలబడుతుంది."

చివరి మాట సరిగ్గా తగలవలసిన చోట తగిలింది. హాజరు నిబంధన సడలిస్తూ ఆయన ఆంగ్లంలో ఒక మెమో జారీ చేశారు. మరునాటికల్లా ఆ ఆలోచన తనదేనని నమ్మారు. మూడో రోజున స్టాఫ్ రూములో దాని గురించి పావుగంట ఉపన్యసించారు. జెస్సీ కూడా శ్రద్ధగా వింది.

మూడో వారం తనిఖీకి ఆయన స్వయంగా బయలుదేరారు. కొన్ని జట్లు బడిలో ఉన్నాయి. ఒక జట్టు మాత్రం ఊరి చివర కల్లంలో ఉందట. కల్లమంటే ఎకరం మేర ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఎండుతున్న మిరపకాయలు. గట్టు దిగకముందే ఆయన ఏడుసార్లు తుమ్మారు. వాటిలో ఒక్కటీ ప్రధానోపాధ్యాయుడి హోదాకు తగినట్టు లేదు.

తొమ్మిదో తరగతి కోటేశ్వరి, మరో ఇద్దరు ఆడపిల్లలు మూడు కుప్పల ముందు నిలబడి ఉన్నారు. ఒకటి వట్టి నేల మీద, ఒకటి ప్లాస్టిక్ పట్టా మీద, ఒకటి నులకమంచం మీద పరిచిన వల మీద.

"ఏమిటమ్మా ఇది?"

"మిరపకాయలండీ" అంది కోటేశ్వరి.

"అది నాకూ తెలుసు. సైన్సు ఏది?"

"మూడు చోట్లా కిలో కిలో పోశామండీ. రోజూ సాయంత్రం కాటా వేసి రాస్తున్నాం. ఎక్కడ తొందరగా ఎండుతాయో, ఎక్కడ తాలు కాయలు ఎక్కువొస్తాయో చూద్దామని." తెల్లబారిన కాయలను చేత్తో పక్కకు నెడుతూ చెప్పింది. ఆ పిల్ల వేళ్లు కాయల రంగులోనే ఉన్నాయి.

ఆమె తండ్రి బాపయ్య గోనెలు దులుపుతూ నవ్వాడు. "మా మంచం పట్టుకుపోయిందండీ. తొమ్మిది రోజుల నుంచి నేల మీదే పడుకుంటన్నా. సైన్సు అంటే ఇదేనాండీ?"

నాగేంద్రబాబు గారు మరో రెండు తుమ్ములు తుమ్మి తిరుగుముఖం పట్టారు. దారిలో జెస్సీతో, "మోటారు లేదు, బల్బు లేదు. ప్రదర్శన అంటే కంటికి ఆనాలమ్మా. మిరపకాయలు ఎండబెట్టడం వాళ్ల నాయనమ్మకూ తెలుసు" అన్నారు.

"తెలుసండీ. కానీ వాళ్ల నాయనమ్మ తూచి రాయలేదు" అంది జెస్సీ, సైకిలు నడిపించుకుంటూ.

ఇరవై ఎనిమిదో తేదీ రానే వచ్చింది. బుడాన్ తెల్లవారకముందే బల్లలు వేసి, అంకెలు అంటించి, ఆనకట్టను గుమ్మం ఎదురుగా ప్రతిష్ఠించాడు. నాగేంద్రబాబు గారు కొత్త పంచె కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆఫీసుగదిలో గోడ గడియారం ఎనిమిదీ పది దగ్గర ఆగి ఉంది. సమయపాలన గురించి ప్రతి సోమవారం ప్రసంగించే ఆయన గదిలో గడియారం ఏటా ప్రదర్శన రోజుల్లోనే ఎందుకు ఆగుతుందో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన. రెండోవాడు బుడాన్.

పదిన్నరకు ప్రకాష్ గారు వచ్చారు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. రహిమున్నీసా గారు, ఆయన చెరొక కాగితం పట్టుకుని చెరొక వైపు నుంచి మొదలుపెట్టారు. చూడవచ్చిన ఊరి జనం కోటేశ్వరి బల్ల చుట్టూ మూగారు. తలపాగాల వాళ్లు కాయలు విరిచి చూస్తూ, "మంచం మీదియ్యి తొమ్మిది రోజులకే ఎండినయ్యా? నేల మీదియ్యి పదమూడా? తాలు ఎన్నొచ్చినయ్యే పిల్లా?" అని గట్టిగా అడుగుతున్నారు.

"నేల మీద ముప్పై ఒకటి, పట్టా మీద ఇరవై రెండు, మంచం మీద తొమ్మిదండీ. మంచం మీదైతే కింద నుంచి కూడా గాలాడుద్ది."

ప్రకాష్ గారు అడిగారు. "మూడు కుప్పలకూ ఒకే చేలో, ఒకే రోజు కోసిన కాయలే ఎందుకు తీసుకున్నావమ్మా?"

"వేరే చేలో కాయలైతే, తేడా కాయ వల్ల వచ్చిందో, ఎండబెట్టిన చోటు వల్ల వచ్చిందో ఎట్లా తెలుస్తుందండీ?"

ప్రకాష్ గారు కాగితం మీద ఏదో రాసి దినచర్య పుస్తకం తిప్పారు. ప్రతి పేజీలో బరువు, తేదీ, జెస్సీ సంతకం, ఒక ఎర్రటి వేలిముద్ర. ఒక పేజీలో, "ఈ రోజు వాన మబ్బు. కాయలు కప్పాము. తూచలేదు" అని ఉంది.

తరువాత ఆయన ఆనకట్ట ముందుకు వచ్చారు. దాని పక్కన ఎనిమిదో తరగతి వీరబాబు తెల్లచొక్కాలో, దువ్విన జుట్టుతో సిద్ధంగా ఉన్నాడు. నీళ్లు దూకాయి. చక్రం తిరిగింది. బల్బు వెలిగింది. వీరబాబు ఊపిరి తీసుకోకుండా అంతా అప్పజెప్పాడు. నాగేంద్రబాబు గారి పెదవులు వాడితోపాటు కదిలాయి.

"బాగుంది. ఒక్కసారి నీళ్లు ఆపు బాబూ" అన్నారు ప్రకాష్ గారు.

ఇన్ని సంవత్సరాల్లో ఏ న్యాయనిర్ణేతా ఆ మాట అనలేదు. అందరూ భోజనాల వేళకు వచ్చి, బల్బు చూసి, తల ఊపి వెళ్లినవారే. వీరబాబు ఆజ్ఞాపాలకుడు గనుక గొట్టం మూశాడు. నీళ్లు ఆగాయి. చక్రం ఆగింది. దిగువ ఊళ్లో అట్టముక్క ఇంట్లో బల్బు మాత్రం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది.

బుడాన్ ఆకాశం వైపు చూశాడు.

"ఇప్పుడు కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది?" అన్నారు ప్రకాష్ గారు మృదువుగా.

వీరబాబు క్షణం ఆలోచించాడు. "ఇందాకటి నీళ్లదండీ. ఇంకా మిగిలింది."

జనం గొల్లుమన్నారు. బాపయ్య నవ్వు అందరికంటే పెద్దగా వినిపించింది. "ఒరేయ్, ఆ మిగిలిన కరెంటు మా మోటారుకి పంపరా, రాత్రిళ్లు ఉండటం లేదు!"

నాగేంద్రబాబు గారు అప్పుడు చేయదగిన పనులు అనేకం. ఆయన చేసింది మాత్రం జేబురుమాలు తీసి, రాని తుమ్ము ఒకటి తుమ్మడం.

మధ్యాహ్నం ఆఫీసుగదిలో నలుగురూ కూర్చున్నారు. జెస్సీ మార్కుల పట్టిక ముందు పెట్టుకుంది. ఈ గదిలో ఏం తేలినా అదే రిపోర్టులో రాయాలి. రాసినదాని కింద ఈ పెద్దమనిషే సంతకం పెట్టాలి.

ప్రకాష్ గారు తన కాగితం ముందుకు తోశారు. మిరపకాయలకు నలభై. ఆనకట్టకు నలభై ఒకటి.

"ఏదో వైరింగులో లోపం అయి ఉంటుంది లెండి, సార్" అన్నారాయన బల్ల వైపు చూస్తూ. "ఇన్నేళ్లు పిల్లలకు సేవ చేశారు. ఇది మీ ఆఖరి సంవత్సరమని జెస్సీ చెప్పింది. ఒక్కసారి జిల్లాకు వెళితే ఏం పోయింది?"

నాగేంద్రబాబు గారికి కళ్ల ముందు గుంటూరు కనిపించింది. వేదిక, మైకు, దుప్పటి తీయడం, కలెక్టరు గారు తల పంకించడం. గొంతులో "థాంక్యూ" అనే ఆంగ్ల పదం సగం దాకా వచ్చింది.

"రహిమున్నీసా గారూ, మీ కాగితం?" అన్నారు, కేవలం పద్ధతి కోసం.

ఆవిడ మడత విప్పకుండానే ఇచ్చారు. ఆయన విప్పారు. మిరపకాయలకు నలభై మూడు. ఆనకట్టకు పదకొండు: సూత్రానికి ఐదు, వివరణకు ఆరు. మిగిలిన మూడు గడుల్లో 'సున్నా', అక్షరాల్లో.

"పన్నెండేళ్లు మీ దగ్గర పనిచేశాను. నా సొంత ఇష్టానికి ఒక్క మార్కూ వేయలేదండీ. మీరు రాయించిన కాగితం పక్కన పెట్టుకునే వేశాను" అన్నారావిడ నెమ్మదిగా.

"తేడా పది దాటింది సార్" అంది జెస్సీ, వినపడీ వినపడనట్టు. "కూర్చుని కారణాలు చెప్పుకోవాలని..."

"ఎవరన్నారు?" అన్నారు ఆయన. వెంటనే గుర్తొచ్చింది. తానే అన్నారు.

ఆయన ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒకదానిలో తన మీద గౌరవం ఉంది. రెండోదానిలో తన మాట మీద గౌరవం ఉంది. ముప్పై అయిదేళ్లుగా పిల్లలకు దిద్దిన పేపర్లలో కాపీ కొట్టినవాడిని ఆయన ఏ రోజూ వదల్లేదు. ఇప్పుడు ఆ కాపీ కొట్టినవాడు కొత్త పంచె కట్టుకుని, ప్రధాన సంచాలకుడి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ప్రకాష్ గారూ, కారణం నేను చెబుతాను" అన్నారు. "వైరింగులో లోపం ఏమీ లేదు. అది అద్భుతంగా పనిచేస్తోంది. సిమెంటు గోడలో ఒక అర ఉంది, అందులో ఒక సెల్లు ఉంది. గేటు ఎత్తగానే దానికి మీట పడుతుంది. ఆ చిన్న చక్రం బల్బు వెలిగించడానికి చాలదని నాకు తొలి ఏడాదే తెలిసింది. తెల్లవారితే ప్రదర్శన. ఈ ఒక్కసారికి అనుకున్నాను."

"ఎన్నిసార్లయిందండీ ఆ ఒక్కసారి?" అడిగారు రహిమున్నీసా గారు. గొంతులో ఎగతాళి లేదు, కాస్త జాలి ఉంది. అది ఇంకా కష్టంగా తోచింది.

"బుడాన్‌ను అడగాలి. ఏటా సెల్లు తెచ్చి ఇచ్చేది వాడు."

ప్రకాష్ గారు తన కాగితం వెనక్కు తీసుకున్నారు. ఆనకట్ట గడులు కొట్టివేసి మళ్లీ నింపి, పక్కన సంతకం చేశారు. పదకొండు. సాయంత్రం నాగేంద్రబాబు గారే మైకులో ఫలితం చదివారు. జిల్లాకు వెళ్లేది మిరపకాయలు. కోటేశ్వరి వేదిక ఎక్కగానే బాపయ్య, "అయితే మంచం ఇంకా ఇంటికి రాదన్న మాట!" అని అరిచాడు.

వారం తరువాత జెస్సీ రిపోర్టు పట్టుకుని వచ్చింది. లక్ష్యాలు, బాధ్యతలు, కాలపట్టిక, మార్కుల పట్టికలు, పిల్లల పుస్తకాల నుంచి నకళ్లు, అన్నీ పొందికగా ఉన్నాయి. కాలపట్టిక కింద, "కోతల కాలంలో పెట్టే ప్రదర్శనకు పిల్లలు ఉన్నచోటికే పని వెళ్లాలి" అని రాసింది. ఆయన నాలుగుచోట్ల కామాలు సరిచేశారు. చివర 'పరిమితులు' అన్న అధ్యాయం దగ్గర ఆగారు.

"ఒక నమూనాలో స్వల్ప సాంకేతిక లోపం తలెత్తినది."

"ఇదేమిటమ్మా?"

జెస్సీ తల వంచుకుంది. "సంతకం పెట్టేది మీరు కదండీ. ఇంకెట్లా రాయాలో తెలియలేదు."

నాగేంద్రబాబు గారు ఎర్రకలం తీశారు. ఆ వాక్యాన్ని స్కేలు పెట్టి కొట్టివేశారు. పైన తన ముత్యాలకోవ లాంటి దస్తూరితో రాశారు. 'ఒక నమూనా విద్యుత్తును ఉత్పత్తి చేయలేదు. అందులో సెల్లు ఉంచినది ప్రధాన సంచాలకులు. విద్యార్థి వీరబాబుకు ఈ సంగతి తెలియదు. అతని వివరణ మార్కులు తగ్గించరాదు.' చదువుకున్నారు. 'ఉంచినది' తీసి 'ఏటా ఉంచినది' అని దిద్దారు. కచ్చితత్వం అన్నాక పూర్తిగా ఉండాలి. కింద సంతకం చేసి, తేదీ వేసి, ముద్ర కొట్టారు.

జెస్సీ ఆ పేజీని చాలాసేపు చూసింది. "సార్, దీన్ని మళ్లీ శుభ్రంగా తిరగరాయనాండీ?"

"వద్దు. ఎర్రసిరాతోనే ఉండనీ. దిద్దిన పేపరు అలాగే ఉంటుంది."

ఆమె వెళ్లాక బుడాన్ గుమ్మంలోకి వచ్చాడు. వారంగా వరండాలోనే ఉండిపోయిన ఆనకట్టను లోపలికి తెచ్చి, బీరువాలో పెట్టి దుప్పటి కప్పాడు. చేతిలో సెల్లు ఉంది.

"సార్, ఇది అందులోనే ఉంచేయమంటారా?"

"వద్దోయ్. తెచ్చినచోట పెట్టు."

బుడాన్ స్టూలు ఎక్కి గోడ గడియారంలో సెల్లు బిగించాడు. ముల్లు ఒకసారి వణికి కదిలింది. నాగేంద్రబాబు గారు చేతి గడియారం చూసి, "నాలుగూ ఇరవై. సరిగ్గా పెట్టు" అన్నారు. బుడాన్ నాలుగున్నరకు పెట్టాడు. ఆయన అది గమనించారు. ఎందుకో, ఆ రోజుకు దిద్దలేదు.